సిస్టమ్ టెస్ట్ పాసైంది, పరీక్ష ఆగిపోయింది

మా అక్క కూతురు పోయిన వేసవిలో అనంతపురంలో ఇంటి నుంచే పైచదువుల ప్రవేశ పరీక్ష రాసింది. బెంగళూరు సెంటర్‌కు పోవాలంటే 210 కిలోమీటర్లు, ముందు రోజే వెళ్లి లాడ్జిలో దిగాలి. ఆ తిప్పలు ఎందుకని ఇల్లే ఎంచుకుంది. ల్యాప్‌టాప్ కొత్తది, నెట్ 40 ఎంబీపీఎస్ ప్లాన్. వారం ముందు చేసిన సిస్టమ్ టెస్ట్‌లో అన్నీ పచ్చ టిక్కులే. తీరా పరీక్ష రోజు నలభై నిమిషాలు గడిచాక కనెక్షన్ తెగిపోయింది.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగలేదు, లైటు ఆరలేదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. అందుకే ఎవరూ గమనించలేదు. హాల్లో టీవీ వెనక రౌటర్ పెట్టిన ప్లగ్‌కు మాత్రం ఇన్వర్టర్ లైన్ లేదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ వైరింగ్ చేయించేటప్పుడు ఫ్యాన్లు, లైట్ల గురించే చెప్తాం. రౌటర్ ఎవరికీ గుర్తుకు రాదు.

పరీక్ష సంస్థల పేజీల్లో ఉండేది ఇంత స్పీడ్, ఇంత ర్యామ్, ఒక వెబ్‌క్యామ్ అనే లెక్క. సిస్టమ్ టెస్ట్ చూసేది కూడా కొద్ది నిమిషాల పరిస్థితినే. పరీక్ష రెండు గంటలు. నా అభ్యంతరం అక్కడే. ఆ రెండు గంటలూ మన వీడియో ఇంటి నుంచి ప్రోక్టర్‌కు, అంటే దూరం నుంచి మనల్ని గమనించే ఇన్విజిలేటర్‌కు, వెళ్తూనే ఉండాలి. అంటే డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ముఖ్యం, వేగం కంటే తెగకపోవడం ముఖ్యం. సినిమా కాసేపు ముందుగానే లోడ్ అయి ఉంటుంది కాబట్టి మధ్యలో నెట్ పది సెకన్లు పోయినా తెలియదు. ప్రోక్టర్ చూసే వీడియోకు ఆ వెసులుబాటు లేదు. పక్క గదిలో ఎవరి ఫోనైనా ఫొటోలన్నీ బ్యాకప్ చేస్తుంటే అప్‌లోడ్‌ను అదే తినేస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. పరీక్ష రాసే గదిలో, అదే సమయానికి, విండోస్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి గంటసేపు వీటిని నడపాలి:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మన రౌటర్ అడ్రస్. చాలా ఇళ్లలో ఇదే ఉంటుంది. కాకపోతే `ipconfig` కొడితే `Default Gateway` దగ్గర కనిపిస్తుంది. రెండోది బయటి సర్వర్. గంటయ్యాక `Ctrl+C` నొక్కితే ఎన్నిసార్లు జవాబు రాలేదో `Lost` దగ్గర చూపిస్తుంది. రెండు విండోల్లోనూ `Request timed out` వస్తుంటే లోపం ఇంట్లోని వైఫైలోనే. మిద్దె మీది గదికీ కింది రౌటర్‌కూ మధ్య స్లాబ్ ఉంటే ఇది మామూలే. అప్పుడు ల్యాన్ కేబుల్ లాగడమే మందు. రెండో విండోలో మాత్రమే వస్తుంటే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేయాలి.

తర్వాత మెయిన్ స్విచ్ ఆపి చూడాలి. నెట్ పోతే రౌటర్‌ను ఇన్వర్టర్ ప్లగ్‌కు మార్చాలి, లేదంటే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనాలి. అయితే దీంతో తెలిసేది మన ఇంటి సంగతే. నిజంగా వీధంతా కరెంటు పోయినప్పుడు ఫైబర్ బాక్స్ మీద `LOS` లైటు ఎర్రగా మారుతోందా అని కూడా చూడాలి. మారితే ఆపరేటర్ వైపు బ్యాకప్ లేదేమో అడగాలి.

హాట్‌స్పాట్ ఉందిగా అంటారు. పరీక్ష మధ్యలో ఫోన్ ముట్టుకోకూడదు, కొన్ని పరీక్షల్లో హాట్‌స్పాట్ వద్దనే చెప్తారు. రెండు సిమ్ముల ఫోనైతే డేటా లేని సిమ్‌కు కాల్ వచ్చినా చాలా ఫోన్లలో నెట్ నిలిచిపోతుంది.

వెబ్‌క్యామ్ విషయంలో మెగాపిక్సెల్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. వెనక కిటికీ ఉంటే మొహం నల్లగా పడుతుంది, వెలుతురు ఎదుటి నుంచి రావాలి. ల్యాప్‌టాప్ కెమెరాల్లో చాలావాటికి ఫోకస్ మారదు కాబట్టి ఐడీ కార్డును మరీ దగ్గర పెడితే అక్షరాలు అలుక్కుపోతాయి. ఒక అడుగు దూరంలో కొంచెం వంచి పట్టుకుంటే లామినేషన్ మెరుపు కూడా తగ్గుతుంది.

విండోస్ అప్‌డేట్‌లను వారానికి పాజ్ చేసి, వేరే చోటి నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ లాంటివి పూర్తిగా మూసి, రెండో మానిటర్ కేబుల్ ఊడదీస్తే సెట్టింగ్స్ పని చాలావరకు అయినట్టే. ఆఫీసు ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. అందులో వీపీఎన్, ఫైర్‌వాల్ ఆపే అధికారం మన చేతిలో ఉండదు.

సంస్థలు సిస్టమ్ టెస్ట్‌ను కనీసం అరగంట నడిపి, ఎన్నిసార్లు తెగిందో చూపిస్తే ఈ కమాండ్‌ల గోల అభ్యర్థికి ఉండదు. మా పిల్ల రెండోసారి రాసేనాటికి రౌటర్ ఇన్వర్టర్ మీదికి వచ్చింది. ఆ రోజూ కరెంటు పోయింది. పరీక్ష అయ్యాక కిందికి దిగి, ఫ్రిజ్‌లో నీళ్లు చల్లగా లేవేంటని అడిగింది.