లింక్డ్‌ఇన్ నోట్‌లో మొదటి మాట ఆ మనిషి పేరే కావాలి

లింక్డ్‌ఇన్‌లో పరిచయం లేనివాళ్ళకి కనెక్షన్ రిక్వెస్ట్ పంపేటప్పుడు మన పిల్లలు చాలామంది మొదటి లైన్ దగ్గరే అవకాశం పోగొట్టుకుంటున్నారు. చదువు ఉంటుంది, పని వచ్చు, అడిగేది కూడా న్యాయమైనదే. కానీ నోట్ మాత్రం 'రెస్పెక్టెడ్ సర్/మేడమ్' అని మొదలవుతుంది. నేను హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ టీమ్ చూసుకుంటాను, మనుషుల్ని తీసుకునే పని కూడా నాదే. అందుకని ఇలాంటి నోట్‌లు నాకు రోజూ వస్తుంటాయి. నా పేరు, నా ఫోటో ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి కదా, మరి 'సర్/మేడమ్' అని రెండూ ఎందుకు రాయాలి? పేరు రాయని శుభలేఖ చేతికిచ్చినట్టు ఉంటుంది. రాసిన అబ్బాయికి గౌరవం లేదని నేననను. ఎంతో గౌరవంతోనే రాసి ఉంటాడు. ఆ గౌరవం నాదాకా రావడం లేదన్నదే నా బాధ.

ముందు స్థలం సంగతి చూడండి. ఉచిత అకౌంట్‌లో నోట్‌కి దొరికేది 200 అక్షరాలు. డబ్బు కట్టి ప్రీమియం తీసుకుంటే 300. పైగా ఉచిత అకౌంట్‌లో నెలకి కొన్ని నోట్‌లు మాత్రమే రాయనిస్తారు, ఆ తర్వాత ఖాళీ రిక్వెస్ట్ పంపుకోవాల్సిందే. ఇంగ్లీషులో 'రెస్పెక్టెడ్ సర్/మేడమ్, గుడ్ మార్నింగ్, ఐ హోప్ దిస్ మెసేజ్ ఫైండ్స్ యూ వెల్' అని మూడు ముక్కలు రాస్తే ఖాళీలతో కలిపి 70 అక్షరాలు. అంటే మూడో వంతు పైనే అయిపోయింది, మీరెవరో, నాకే ఎందుకు రాస్తున్నారో ఇంకా చెప్పనే లేదు. దీనికి బదులు 'హాయ్ ప్రసన్న గారు' అని కామా పెడితే ఇంగ్లీషులో 17 అక్షరాలు. గౌరవం ఏమైనా తగ్గిందా? నాకైతే పెరిగిందనిపిస్తుంది.

గుడ్ మార్నింగ్ గురించి కూడా ఒక మాట. మీరు పంపిన నిమిషంలోనే అవతలివాళ్ళు చదవరు. కొందరు వారానికోసారి రిక్వెస్ట్‌లు తెరిచి చూస్తారు. అదీకాక, హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదైతే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి పదిన్నర, ఎండాకాలంలో పదకొండున్నర. ఏ వేళకి చదివినా సరిపోయే 'నమస్తే', 'హలో', 'హాయ్' ఉండగా ఆ తంటా ఎందుకు?

ఇక అసలు సంగతి పేరు. పేరుతో పలకరించమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. తెలుగు పేర్లలో ఏ ముక్కతో పిలవాలో మాత్రం చెప్పరు. ఇంగ్లీషు సలహాలు చదివి 'మొదటి పేరుతో పిలవండి, మర్యాద కావాలంటే మిస్టర్ అని పెట్టి చివరి పేరు రాయండి' అంటారు. ఆ రెండు సూత్రాలూ మన పేర్ల దగ్గర పనిచేయవు.

ఒక ప్రొఫైల్ మీద Venkata Naga Lakshmi Prasanna అని ఉందనుకోండి. మొదటి గడిలో ఉన్నది Venkata. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఆమెని వెంకట అని పిలిచేవాళ్ళు ఉండరు. అది మొక్కు వల్లో తాతల వల్లో వచ్చిన ముక్క. 'హాయ్ వెంకట' అని ఒక అమెరికన్ రిక్రూటర్ రాస్తే ఆయనకి తెలియదులే అనుకుంటాం. తెలుగువాళ్ళు రాస్తే మాత్రం పేరు చదవకుండా ఏదో టూల్‌తో వందమందికి ఒకేసారి పంపారని వెంటనే అర్థమైపోతుంది. కొందరికి మొదటి గడిలో ఇంటిపేరే ఉంటుంది. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాస్తాం కాబట్టి అకౌంట్ తెరిచినప్పుడు అలాగే నింపేస్తారు. ఇంకొందరి పాస్‌పోర్ట్‌లో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉండిపోతుంది. అలాంటివాళ్ళ అమెరికా వీసా మీద మొదటి పేరు దగ్గర FNU అని అచ్చవుతుంది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అదే కాలేజీ రికార్డుల్లోకి, ఆఫీసు సిస్టమ్‌లోకి, ఒక్కోసారి ప్రొఫైల్‌లోకి కూడా పాకుతుంది. వాళ్ళకి 'హాయ్ ఎఫ్‌ఎన్‌యూ' అని వచ్చే మెసేజ్‌లకి లెక్కే ఉండదు.

అలాగని చివరి ముక్కే పిలుపు పేరు అనుకోవడమూ కుదరదు. సాయి కృష్ణ అనే అబ్బాయి ఊళ్ళో కృష్ణ, అట్లాంటా ఆఫీసులో సాయి కావచ్చు. మరి ఎలా తెలుస్తుంది? ప్రొఫైల్‌లోనే తెలుస్తుంది, ఒక్క నిమిషం ఆగి చూస్తే చాలు. కొందరి పేరు పక్కన చిన్న స్పీకర్ బొమ్మ ఉంటుంది. నొక్కితే వాళ్ళ పేరు వాళ్ళ గొంతులోనే వినిపిస్తుంది, పది సెకన్ల లోపు రికార్డింగ్. వాళ్ళు తమని తాము ఏమని చెప్పుకుంటారో ఇంతకంటే మంచి ఆధారం లేదు. అది లేకపోతే About భాగంలో తమ గురించి ఏ పేరుతో రాసుకున్నారో చూడండి. అక్కడా లేకపోతే వాళ్ళ పోస్టుల కింద కామెంట్లు చదవండి. పాత కొలీగ్స్ 'కంగ్రాట్స్ ప్రసన్నా' అని రాసి ఉంటారు. రికమెండేషన్లలో కూడా 'నేను ప్రసన్నతో రెండేళ్ళు పనిచేశాను' లాంటి వాక్యం దొరుకుతుంది. నేను ఎక్కువగా నమ్మేది ఈ కామెంట్లనే, ఎందుకంటే అక్కడ రాసేది ఆమెని రోజూ పిలిచిన మనుషులు.

ఈ వెతుకులాటలో ఇంకో లాభం ఉంది. ఆడో మగో తెలియని పేర్లు మనకి బోలెడు. ప్రసన్న, శశి ఇద్దరిలోనూ ఉంటారు. కిరణ్ అంటే మన దగ్గర చాలావరకు మగపేరు, ఉత్తరాదిన ఆడవాళ్ళకీ ఉంటుంది. ఫోటో లేని ప్రొఫైల్‌కి 'సర్' అని కొట్టేస్తే తప్పు పడే అవకాశం బాగా ఉంది. 'గారు'తో ఆ బెంగ లేదు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ, చిన్నకీ పెద్దకీ సరిపోతుంది. ఇంగ్లీషు నోట్‌లో కూడా తెలుగువాళ్ళకి రాస్తున్నప్పుడు garu అని నిరభ్యంతరంగా రాయండి. నాకు అలా వచ్చిన నోట్ కింద దాకా చదవాలనిపిస్తుంది.

చివరి పేరు గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 'మిస్టర్ + చివరి పేరు' సూత్రం పట్టుకుని మనవాళ్ళు 'రెడ్డి గారు', 'చౌదరి గారు', 'శర్మ గారు' అని రాస్తున్నారు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అలా పిలవడం ఉంది, కాదనను. కానీ ఉద్యోగం కోసం ఒక కొత్త మనిషిని పలకరిస్తూ మొట్టమొదటి మాటగా వాళ్ళ కులాన్ని పలకడం నాకు సుతరామూ నచ్చదు. వాళ్ళంతట వాళ్ళే ఆ పేరుతో చలామణి అవుతుంటే సరే. లేకపోతే సొంత పేరుకి 'గారు' చేర్చండి.

'అన్నా', 'అక్కా', 'బ్రో' కూడా ఇలాగే. ఒకే కాలేజీ సీనియర్ అయినా సరే, మొదటి నోట్‌లో వద్దు. వరస కలుపుకోవాలో వద్దో తేల్చుకునే వీలు అవతలివాళ్ళకి ఉండాలి. జవాబులో ఆయనే 'చెప్పు తమ్ముడూ' అన్నాడనుకోండి, ఇక అన్నా అనడానికి అడ్డేముంది? 'హాయ్ డియర్' సంగతి వేరు. దాన్ని ఆడవాళ్ళకి రాసే అబ్బాయిల్లో కొంతమందికి నిజంగానే తెలియదు, ఇంగ్లీషు ఉత్తరంలో 'డియర్ సర్' ఉంటుంది కదా, అదే మర్యాద అనుకుంటారు. పేరు ముందు ఉంటేనే అది ఉత్తరం మర్యాద. ఒంటరిగా 'డియర్' అంటే చనువు తీసుకున్నట్టే. మా ఆడవాళ్ళం ఆ మాట చూడగానే Ignore నొక్కుతాం, కింద ఏం రాశారో చూడం. కొందరు ఆ తర్వాత 'ఈ వ్యక్తి నాకు తెలియదు' అన్నది కూడా నొక్కుతారు.

బయటి దేశాలవాళ్ళకి రాసేటప్పుడు వాళ్ళ పద్ధతే పాటించాలి. అమెరికాలో డైరెక్టర్‌కైనా 'హాయ్' అని పెట్టి మొదటి పేరు రాస్తే చాలు. అక్కడ 'రెస్పెక్టెడ్ సర్' అంటే వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. జర్మనీలో ఒక ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ సీటు కోసం రాస్తుంటే మాత్రం 'డియర్ ప్రొఫెసర్' అని ఇంటిపేరుతోనే రాయండి. అక్కడ పట్టాని పేరులో భాగంగా చూస్తారు, మొదటి పేరుతో మొదలుపెడితే తొందరపడినట్టు ఉంటుంది. అదే బెర్లిన్‌లో చిన్న స్టార్టప్ అయితే మొదటి పేరుకి అభ్యంతరం చెప్పరు.

పంపే ముందు పేరు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చూసుకోండి. Prasanna, Prasana వేరు వేరు మనుషులు. ఒకరికి రాసినది కాపీ కొట్టి ఇంకొకరికి పంపినప్పుడు పాత పేరు అలాగే ఉండిపోవడం నాకు తరచూ కనిపించే పొరపాటు. పంపిన నోట్‌ని దిద్దడానికి వీల్లేదు. రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్ళీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు. ఇంటర్వ్యూ వచ్చే వారమే ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఫోన్‌లో ఇంకో చిక్కు ఉంది. కొన్నిచోట్ల Connect నొక్కగానే నోట్ అడగకుండానే రిక్వెస్ట్ వెళ్ళిపోతుంది. అందుకే ఆ మనిషి ప్రొఫైల్ పూర్తిగా తెరిచి, మెనూలోంచి నోట్ రాసే దారి పట్టుకోవాలి.

పైన చెప్పిన ప్రసన్న గారికి నేనైతే ఇలా రాస్తాను: 'ప్రసన్న గారూ, నమస్తే. పేమెంట్స్ టెస్టింగ్ గురించి మీరు గతవారం రాసిన పోస్ట్ చదివాను. నేనూ అదే పనిలో ఉన్నాను. మీతో కనెక్ట్ అవ్వాలనుకుంటున్నాను.' తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కలోకి వచ్చినా ఇది 200 దాటదు. ఆమె పోస్టులన్నీ ఇంగ్లీషులోనే ఉంటే నోట్ కూడా ఇంగ్లీషులో రాసి, పేరు పక్కన garu మాత్రం ఉంచుతాను. పలకరింపు తర్వాత వెంటనే ఆమె పోస్ట్ మాట రావాలి, ఎందుకంటే ఫోన్ తెర మీద ముందు కనిపించేది ఆ మొదటి ముక్కే. ఉద్యోగం, రెఫరల్ మాట ఈ నోట్‌లో ఎత్తను.

ఆమె ఒప్పుకుని జవాబిస్తే చివర్లో ఏ పేరు పెట్టారో చూస్తాను. 'లక్ష్మి' అని ఉంటే రెండో మెసేజ్ నుంచి ఆవిడ నాకు లక్ష్మి గారు.