పనల మీద తడిస్తే ఒక లెక్క, కుప్పలో తడిస్తే ఇంకో లెక్క

"రైతు సోదరులకు ముఖ్య గమనిక!! పంట బీమా గురించి ఎవరూ చెప్పని నిజాలు. 1) ఈ-క్రాప్ చేయించుకున్నా, బ్యాంకు లోనున్నా బీమా దానంతట అదే అయిపోతుంది. 2) రైతు కట్టేది 2 శాతమే, మిగతాది కంపెనీయే పెట్టుకుంటుంది. 3) వానకి ఏ నష్టం జరిగినా 72 గంటల్లో ఫోన్ చేస్తే 15 రోజుల్లో డబ్బు పడుతుంది, చేయకపోతే పైసా రాదు. 4) పాలసీలో ఎకరాకి ఎంత రాసుంటే అంతా ఇవ్వాలి, తక్కువిస్తే మోసం. 5) కంపెనీలు కావాలనే లేటు చేస్తాయి. అందరికీ షేర్ చేయండి."

ఈ వారంలో ఇది నాలుగోసారి. పంపినవాళ్లంతా మంచివాళ్లే, ఒక్కరూ పాలసీ కాగితం విప్పినట్టు లేదు. కోతల ముందు తిరుగుతోంది కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా. ఫసల్ బీమా కింద ఖరీఫ్ వరి వేసినవాళ్లకే చెబుతున్నా. వాతావరణ ఆధారిత బీమాలో ఉన్న పంటలకు లెక్క వేరు, అక్కడ దిగుబడి కొలవరు, వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, ఎండ అంకెలే చూస్తారు.

రెండోది ముందు తేల్చేద్దాం. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం కడతాయి. కంపెనీ తన జేబులోంచి ప్రీమియం కట్టుకుంటుందన్న ఊహ ఎవరికొచ్చిందో గానీ వాళ్లకో దండం. ఎకరాకి బీమా మొత్తం 40 వేలు, మొత్తం ప్రీమియం 9 శాతం అనుకోండి. 3,600 అవుతుంది. అందులో రైతు 800 కడితే, 2,800 ప్రభుత్వాలు పంచుకుంటాయి. ఆ 2 శాతం కూడా ఖరీఫ్ తిండిగింజలకు, నూనెగింజలకే. రబీలో అయితే 1.5, పత్తిలాంటి వాణిజ్య పంటలకు 5 దాకా.

మొదటిది పాత అలవాటు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత బీమా ఉన్న రోజుల్లో ఈ-పంటలో పేరుంటే సరిపోయేది. 2024-25 రబీ నుంచి రైతు వాటా రైతే కట్టాలి, కట్టినవాళ్లకే పాలసీ. ఈ-పంట అనేది ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో చెప్పే సాక్ష్యం మాత్రమే. ఇక లోన్లు. 2020 ఖరీఫ్ నుంచి లోనున్నవాళ్లకు కూడా బీమా ఐచ్ఛికమే. వద్దనుకుంటే బీమా నమోదు గడువుకు 7 రోజుల ముందు రాసివ్వాలి, లేకపోతే బ్యాంకు ప్రీమియం కోసుకుంటుంది. "అదే కదా మెసేజ్ చెప్పింది" అంటారేమో. కోసుకోవడం వరకు నిజమే, ఏ పంటకు కోసుకుందన్నదే అసలు సంగతి. లోను పత్రంలో పత్తి ఉండి చేలో వరి ఉంటే ఆ పాలసీ మీ వరికి పనికిరాదు. పంట మార్చినట్టు గడువుకు కనీసం 2 రోజుల ముందే బ్యాంకుకు చెప్పాలి. pmfby.gov.in లో Application Status దగ్గర రసీదు నంబరు కొడితే పంట, విస్తీర్ణం, ఊరు కనిపిస్తాయి. ఆ మూడూ చూసుకోండి. అక్కడ తప్పు బ్యాంకుదైతే నష్టానికి బాధ్యతా బ్యాంకుదే, కానీ మీరు చెప్పినట్టు కాగితం ఉండాలి.

ఇప్పుడు మూడోది. ఈ మెసేజ్‌లో నిజంగా కొంప ముంచేది ఇదే, రెండు వైపులా ముంచుతుంది. ఫోన్ చేసినవాడు డబ్బు వచ్చేస్తుందని కూర్చుంటాడు, చేయనివాడు అంతా పోయిందని వదిలేస్తాడు.

ఒకే ఊళ్లో, ఒకే గట్టు చుట్టూ నాలుగు చేలు అనుకుందాం. డిసెంబరు 2న తుపాను వాన పడింది.

మొదటి చేను నవంబరు 20న కోసి పనలు వేశారు. పనలు చేలోనే ఆరుతుండగా తడిశాయి. పాలసీలో "కోత అనంతర నష్టం" అని రాసింది దీని గురించే. కోసిన రోజు నుంచి 14 రోజుల వరకు, పంట కోసి చేలో పరిచి గానీ చిన్న కట్టలుగా గానీ ఆరబెట్టినప్పుడు, వడగళ్లు, తుపాను, తుపాను వాన, అకాల వర్షం వల్ల పాడైతే ఆ ఒక్క రైతు చేను చూసి లెక్కగడతారు. ఇక్కడ 12వ రోజు వాన పడింది కాబట్టి వర్తిస్తుంది. డిసెంబరు 5 లోపు తెలియజేయాలి. అదే వాన డిసెంబరు 6న పడి ఉంటే 16వ రోజు, ఫోన్ మొదటి గంటలో చేసినా లాభం లేదు.

రెండో చేను కూడా అదే రోజు కోశారు, కానీ వాన వస్తుందని విని ముందురోజే పనలెత్తి కుప్ప వేశారు. కుప్ప కింద నీళ్లు చేరి అడుగు మొలకెత్తింది. దీనికి వర్తించదు. నూర్పిడికి ముందు ఒక చోట చేర్చి కుప్ప వేసిన పంటను పథకం మినహాయించింది. జాగ్రత్తపడ్డవాడికే లేదా అంటే, అవును, అలాగే ఉంది నిబంధన.

మూడో చేను మిషన్‌తో కోయించి ధాన్యం రోడ్డు మీద ఆరబోశారు. ఇది చేలో ఆరుతున్న పంట కాదు, ధాన్యం. దీనికీ వర్తించదు. ప్రతి తుపానుకూ రోడ్డు మీద తడిసిన ధాన్యం ఫోటోలతో "బీమా ఏది" అని తిరిగే మెసేజ్‌లు మీరూ చూసే ఉంటారు. ఆ ధాన్యం గురించి అడగాల్సింది కొనుగోలు కేంద్రంలో, బీమా కంపెనీని కాదు.

నాలుగో చేను ఇంకా కోయలేదు, గాలికి నేలకొరిగింది. దీనికి విడిగా ఫోన్ చేయాల్సిన పనే లేదు, చేయలేదని పోయేదీ లేదు. గాలికి పడిపోవడం, ఒక్కో చేను చూసి లెక్కగట్టే స్థానిక విపత్తుల జాబితాలో లేదు. దీని నష్టం ఊరి దిగుబడి లెక్కలోకి వెళ్తుంది. "72 గంటలు దాటిపోయాయి, ఇక మనకు రాదులే" అని ఈ చేను రైతు నిట్టూర్చాడంటే పుణ్యం ఆ మెసేజ్ రాసినవాడిదే.

మొదటి చేను రైతు ఏం చేయాలి? 14447కి గానీ, క్రాప్ ఇన్సూరెన్స్ యాప్‌లో గానీ, బ్యాంకుకు గానీ, వ్యవసాయ అధికారికి గానీ చెప్పాలి. దరఖాస్తు నంబరు, సర్వే నంబరు, కోసిన తేదీ, వాన పడిన తేదీ, ఎంత విస్తీర్ణం తడిసిందో చేతిలో ఉంచుకోవాలి. ఎక్కువగా తప్పేది కోత తేదీ దగ్గరే. కంగారులో "పదిహేను రోజులైంది సార్" అనేస్తారు, అది అలాగే రికార్డవుతుంది. ఫిర్యాదు నంబరు రాసుకోండి. 48 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 10 రోజుల్లో చూడటం పూర్తవ్వాలి, ఆ నివేదిక వచ్చాక 15 రోజుల్లో డబ్బు. మెసేజ్‌లోని 15 రోజులు ఇక్కడివి. ఫోన్ పెట్టేసిన క్షణం నుంచి కాదండీ, నివేదిక నుంచి, అదీ ప్రభుత్వాల ప్రీమియం వాటా అందాక. ఈలోగా తడిసిన పనలను అలాగే వదిలేయమని ఎవరూ అనరు, మొలకొచ్చేస్తుంది. ఎత్తేముందు చేను మొత్తం, దగ్గరగా గింజ కనిపించేలా ఫోటోలు తీసి, ఒక మూల కొన్ని పనలు వదిలేస్తే సర్వేయర్‌కు చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఊళ్లో పావు వంతుకు మించి విస్తీర్ణం ఇలాగే దెబ్బతింటే ఒక్కో చేనూ తిరగరు, కొన్ని చేలు నమూనాగా చూసి మిగతా అర్హులకూ అదే శాతం వేస్తారు.

నాలుగోది. మోసం అనే మాట వాడేముందు గుణకారం, భాగహారం చేయండి. బీమా మొత్తం అంటే గరిష్ఠ పరిమితి. నాలుగో చేను ఉన్న ఊళ్లో గడచిన ఏడేళ్లలో మంచి అయిదేళ్ల సగటు ఎకరాకి 30 బస్తాలు అనుకుందాం. ఆ జిల్లాకు పరిహార స్థాయి 80 శాతం అయితే హామీ దిగుబడి 24 బస్తాలు. మొదటి ఆరు బస్తాల నష్టం రైతుదే, అది ఎవరూ ఇవ్వరు. ఈ ఏడు పంటకోత ప్రయోగాల్లో ఊరి సగటు 18 వచ్చింది. 24కి 6 తక్కువ, అంటే 25 శాతం. 40 వేలలో 25 శాతం 10 వేలు. మీ చేలో 8 బస్తాలే వచ్చినా 10 వేలే, 22 వచ్చినా 10 వేలే. ఊరి సగటు 25 వచ్చి మీకు 8 వస్తే ఈ లెక్కలో సున్నా. అన్యాయంగా ఉందా? ఉంది. కానీ అది కాగితంలో రాసి ఉన్న అన్యాయం, మోసం కాదు. ఆ ప్రయోగాలకు ఊరికి నాలుగు చేలు ఎంపిక చేస్తారు. మీ ఊళ్లో కోసే రోజు వెళ్లి నిలబడండి, తూకం చూడండి. మెసేజ్‌లు పంపే సమయంలో సగం చాలు దానికి. మొదటి చేను రైతుకు పనల నష్టం కింద వచ్చిన దానికన్నా ఊరి లెక్క ఎక్కువైతే, రెండిట్లో పెద్దదే వర్తిస్తుంది.

అయిదోది సగం నిజం. దిగుబడి వివరాలు చేరాక మూడు వారాల్లో ఇవ్వాలి, కంపెనీ ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ కట్టాలి. కానీ చాలాసార్లు ఆగేది రాష్ట్రం వాటా దగ్గర, దిగుబడి అంకెల దగ్గర.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మెసేజ్ రాసినవాడి కోపంలో, అతనికే తెలియని న్యాయం ఒకటుంది. కోయని వరి రోజుల తరబడి నీళ్లలో మునిగి కుళ్లినా, 2018 నుంచి ఆ ముంపును స్థానిక విపత్తుగా చూడలేదు. నీళ్లలో పెరిగే పంట కదా అన్నారు. పొట్ట మీదున్న వరి మెడలోతు నీళ్లలో వారం ఉంటే ఏమవుతుందో డెల్టాలో చిన్నపిల్లాడైనా చెబుతాడు. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపును మళ్లీ చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. కాబట్టి మునిగిన చేనుకు 2026 ఖరీఫ్ నుంచి 72 గంటల మాట నిజమవుతుంది. కుప్పకు, రోడ్డు మీద ధాన్యానికి మాత్రం కాదు.