హలో అంటే రేటు కార్డు వచ్చింది

మే నెల, మిట్టమధ్యాహ్నం. ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒకావిడ కొత్తావకాయ కలుపుతోంది. ముందు పెద్ద బేసిన్లో మామిడి ముక్కలు, మోచేతుల దాకా ఆవపిండీ, కారమూ, నూనే. తడి తగిలితే పచ్చడి బూజు పడుతుంది కనక మధ్యలో లేచి చేతులు కడుక్కునే మాటే లేదు. సరిగ్గా అప్పుడు ఫోను టింగుమంది. తణుకు నుంచి పెద్దమ్మ. "హలో." అంతే, ముందూ వెనకా ఏమీ లేదు.

ఆవిడ చూసే లోపే ఫోను జవాబు ఇచ్చేసింది.

"నమస్కారం! మా సంస్థను సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీ సందేశం మాకు ఎంతో విలువైనది. త్వరలో మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు."

పెద్దమ్మ కాసేపు ఆలోచించి రాసింది: "ప్రతినిధి ఎవరే? మీ ఆయనా?"

ఇక్కడితో ఆగినా బాగుండేది. బేసిన్ దగ్గర్నుంచి లేవలేక ఆవిడ కొడుకుని కేకేసింది, "ఒరేయ్, అమ్మమ్మకి ఏదో ఒకటి చెప్పరా!" వాడికి పదేళ్ళు. టైపు చేసే ఓపిక లేదు. గీత, అంటే స్లాష్, నొక్కితే అమ్మ దాచుకున్న రెడీమేడ్ జవాబులన్నీ వరసగా వస్తాయని మాత్రం తెలుసు. పైన ఉన్నది నొక్కి పంపేశాడు. తణుకులో పెద్దమ్మ ఫోనులోకి ఆవకాయ, మాగాయ, గోంగూర ధరలు కిలో లెక్కన దిగాయి, కింద "కొరియర్ చార్జీలు అదనం" అన్న మాటతో సహా.

"నా జాడీలో నేర్చుకుని నాకే కొరియర్ చార్జీలా?" అని వచ్చింది జవాబు. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ రాలేదు.

ముందు యంత్రం సంగతి చూద్దాం, మనిషి సంగతి తర్వాత. వాట్సాప్ బిజినెస్‌లో Greeting message అని ఒకటి ఉంటుంది. అది మొదటిసారి రాసినవాళ్ళకే వెళ్తుందని చాలామంది అనుకుంటారు. 14 రోజులుగా మీ ఇద్దరి మధ్య మాటల్లేకపోయినా వెళ్తుంది. పెద్దమ్మలు, మేనమామలు, పాత స్నేహితులు సరిగ్గా ఈ కోవలోకే వస్తారు కదా! రోజూ మాట్లాడేవాళ్ళకి యంత్రం ఎదురు రాదు, ఎన్నాళ్ళకో పలకరించినవాళ్ళకే వస్తుంది. ఎవరికి వెచ్చగా బదులు చెప్పాలో ఏరి మరీ వాళ్ళకే చల్లటి జవాబు పంపినట్టవుతుంది.

మందు చిన్నదే. Business tools లోకి వెళ్ళి Greeting message తెరిస్తే అడుగున Recipients అని కనిపిస్తుంది. అక్కడ Everyone అని ఉంటే తీసేసి Everyone not in address book పెట్టాలి. అప్పుడు ఫోనులో పేరు దాచుకున్నవాళ్ళ జోలికి అది పోదు. అయితే పెద్దమ్మ నంబరు పేరుతో సేవ్ అయి ఉండాలి. నోటికొచ్చిన నంబరే కదా అని సేవ్ చేయనివాళ్ళు ఉంటారు, వాళ్ళే మళ్ళీ దొరికిపోతారు. నమ్మకమైన కస్టమర్లందరినీ సేవ్ చేసుకుని, వాళ్ళలో కొందరికి మాత్రం ఈ పలకరింపు వెళ్ళాలనుకుంటే Only send to ఎంచుకుని పేర్లు టిక్కు పెట్టుకోవచ్చు.

రెడీమేడ్ జవాబుల్లో ఇంకో గొయ్యి ఉంది. వాటిల్లో పేరు దానంతటది వచ్చి కూర్చోదు. "నమస్తే ____ గారు" అని ఖాళీ వదిలి దాచుకుంటే, పంపేముందు ఆ ఖాళీ నింపాల్సింది మీరే. హడావుడిలో ఎవరూ నింపరు. ఖాళీ గీతకి గారు తగిలించి పంపడం కన్నా అసలు పేరే రాయకపోవడం మర్యాద.

ఇప్పుడు అసలు కష్టం. యంత్రాన్ని ఆపేశారు, "హలో" మీ ముందుంది. అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. అవతలి మనిషి పని మీద రాసిందో, ఊసుపోక రాసిందో, మాట ఎలా మొదలెట్టాలో తెలియక రాసిందో అంతుపట్టదు. అలాంటప్పుడు వేళ్ళు వాటంతటవే రెండు జవాబుల్లో ఒకటి కొడతాయి. మొదటిది "చెప్పండి". ఫోనులో నోటితో అంటే అందులో గొంతు ఉంటుంది, దీర్ఘం ఉంటుంది. "ఆఁ, చెప్పండీ" అన్నప్పుడు నవ్వు కూడా వినిపిస్తుంది. రాతలో అవన్నీ రాలిపోయి, ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండా అన్న మాట మిగులుతుంది. ఊరికే పలకరిద్దామని వచ్చినావిడ అప్పటికప్పుడు ఒక పని కల్పించుకోవాలి.

రెండోది "హలో, ఎలా ఉన్నారు?" ఇందులో తప్పేమీ లేదు, ముందుకి పోదంతే. "బాగున్నాం, మీరు?" "బాగున్నాం." నాలుగు మాటల్లో దుకాణం బంద్. అడిగిన ప్రశ్నకి అందరికీ ఒకటే జవాబు ఉండడం దీని జబ్బు. మోకాలు నొప్పితో మంచం దిగలేనివాళ్ళు కూడా వాట్సాప్‌లో బాగున్నామనే రాస్తారు.

పెద్దమ్మకి వెళ్ళాల్సిన జవాబు ఇలా ఉంటే సరిపోయేది:

"పెద్దమ్మా! చేతులు ఆవపిండిలో ఉన్నాయి, ఇది చిన్నాడి చేత రాయిస్తున్నా. మూడింటికల్లా చేస్తా. మోకాలికి ఆ తైలం ఏమైనా పనిచేసిందా?"

నాలుగు చిన్న ముక్కలు. మొదటిది వరస పెట్టి పిలవడం. హలోకి హలో తిప్పికొట్టే బదులు అక్కడ ఆ మనిషిని పెట్టాలి. వరస లేనిచోట పేరూ, గారూ సరిపోతాయి. రెండోది, ఈ క్షణాన మీరెక్కడ ఏం చేస్తున్నారో ఒక్క ముక్క. జవాబు ఇప్పుడే, ఇక్కడే పుట్టిందని దాంతోనే తెలుస్తుంది. చేతులు ఆవపిండిలో ఉన్నాయన్న మాట ఎవరూ ముందే రాసి దాచుకోరు. మూడోది, ఎప్పుడు తీరిగ్గా మాట్లాడతారో ఆ టైము. "తర్వాత చేస్తా" అంటే తప్పించుకున్నట్టుంటుంది, "మూడింటికల్లా" అంటే మాట ఇచ్చినట్టుంటుంది. కానీ మూడింటికి చేయాలి మరి. చేయరని తెలిస్తే ఆ ముక్క రాయకండి. నాలుగోది ఆవిడకి మాత్రమే చెందిన ఒక ప్రశ్న. అదీ ఒక్క మాటలో జవాబు ఇవ్వగలిగేది. "పనిచేసింది", "ఎక్కడా", "పారేశా": ఏదైనా సరే, అక్కణ్ణుంచి కబుర్లు వాటంతటవే సాగుతాయి.

తైలం సంగతి గుర్తుండాలి కదా అంటే, గుర్తుండక్కర్లేదు. చాట్‌ని రెండు వేళ్ళ మేర పైకి జరిపితే చాలు, పోయినసారి మాట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. ఈ చూడడంలో ఒక ప్రమాదం ఉంది, పాతబడ్డ సంగతి పట్టుకోవడం. ఆరు నెలల కిందటి చాట్ చూసి "మనవరాలి పెళ్ళి ఎప్పుడు?" అని అడిగారనుకోండి. పెళ్ళైపోయింది, శుభలేఖ మీకు అందింది, వెళ్ళనిది మీరే. నెల దాటిన సంగతైతే పట్టుకోకుండా మీ వైపు నుంచి ఒక చిన్న కబురు ఇవ్వడం మేలు. "నీ దగ్గర నేర్చుకున్న మాగాయే ఇవాళ ఎండబెట్టా" లాంటిది. తెలియనిది గుర్తున్నట్టు నటించేకన్నా అది నయం.

భోజనం సంగతి అడగడం మనకి ఎప్పుడూ పనికొచ్చే వెచ్చదనమే, కాకపోతే గడియారం చూసుకోవాలి. ఇక్కడ రాత్రి పది గంటలకి డాలస్‌లో ఉన్న తమ్ముడు హలో అంటే "ఇంకా పడుకోలేదేంట్రా?" అని రాసేస్తాం. మే నెలలో వాడికప్పుడు పగలు పదకొండున్నర, ఆఫీసులో కూర్చుని ఉంటాడు. "లంచ్‌కి ఏం తెచ్చుకున్నావ్?" అంటే వాడి పూట వాడికి దక్కుతుంది.

పేరు తెలియని నంబరు నుంచి వచ్చే "హాయ్"కి ఇదంతా అక్కర్లేదు. "నమస్కారమండీ, ఈ నంబరు నా దగ్గర సేవ్ అయి లేదు, ఎవరో చెప్తారా?" అంటే చాలు. "నువ్వు సుజాతవేనా?" అని మనమే పేరు అందించామంటే, అవతలున్నది మోసగాడైతే ఆ క్షణం నుంచి సుజాత అయిపోతాడు.

మళ్ళీ పచ్చళ్ళ దగ్గరికి. కస్టమర్లకి ఫోను దానంతటది పంపే జవాబు మానేయలేరు, సీజన్లో ప్రతి హాయ్‌కీ కూర్చుని రాయడం కుదరదు. కానీ దాన్ని మనిషిలా నటింపజేయకూడదు. "మీ సందేశం మాకు విలువైనది" అన్నది లోకంలో ఎవరికైనా పంపగలిగిన వాక్యం, అందుకే ఎవరికీ తగలదు. దాని బదులు ఇలా పెట్టి చూడండి:

"నమస్తే అండీ. ఇది ఫోను తనంతట తాను పంపే జవాబు. పగలంతా పచ్చడి పనిలో ఉంటాం, సాయంత్రం ఆరు దాటాక నేనే చూసి రాస్తాను. ఏ పచ్చడి, ఎన్ని కిలోలు, ఏ ఊరికో రాసి ఉంచండి."

అబద్ధం లేదు, టైము ఉంది, వాళ్ళు చేయాల్సిన పనీ ఉంది. సాయంత్రం మనిషి వచ్చాక చేసే పొరపాటు ఏంటంటే మళ్ళీ "నమస్తే అండీ, చెప్పండి" అని మొదటికి రావడం. వాళ్ళు అప్పటికే "గోంగూర 2 కిలోలు, వరంగల్" అని రాసి కూర్చున్నారు! పాత కస్టమరైతే ఇంకా సులువు, చాట్ పైకి జరిపితే పోయినసారి సంగతి ఉంటుంది. "పోయినసారి నూనె కారిందన్నారు కదా, ఈసారి మూతకి లోపల సీలు వేసి పంపిస్తాం. అదే గోంగూరేనా, ఇంకేమైనా కలపమంటారా?" ఇలాంటి జవాబు చూశాక రేటు కూడా అడగనివాళ్ళు ఉంటారు.

ఇంక ఆలస్యం. మూడు రోజుల కిందటి హలోకి ఇప్పుడు జవాబు రాయాల్సి వస్తే ఐదు లైన్ల క్షమాపణ పెట్టకండి, అది చదివి వాళ్ళు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆ పాత హలోని వేలితో పక్కకి జరిపితే దానికే ముడిపడి జవాబు వెళ్తుంది. "ఇప్పుడే చూశా" అనేది నీలి టిక్కులు పడకపోతేనే రాయండి. పడి ఉంటే "చూశాను, పనిలో పడి ఉండిపోయా" అని ఒక్క ముక్కతో సరిపెట్టి నేరుగా మోకాలి దగ్గరికో, గోంగూర దగ్గరికో వెళ్ళిపోవాలి. పెద్దమ్మల విషయంలో మాత్రం మూడు రోజులు దాటితే రాయడం దండగ, ఫోను చేసి రెండు నిమిషాలు తిట్లు తినడమే దగ్గరి దారి.