వేటకుక్కలు రాకపోయినా చలికాలం వస్తుంది

“దాడులు లేని సర్వైవల్ గేమ్‌లో ఏదైనా దాచుకోవడానికి కారణమే ఉండదు. శత్రువుల తొందర వద్దనుకునేవాళ్లు వ్యవసాయం గేమ్‌లు ఆడుకుంటే సరిపోతుంది. ఎలాగూ నాలుగు గంటల్లో పెట్టెలన్నీ నిండిపోతాయి, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.”

ఆకలిని, చలిని తట్టుకుని బతకాల్సిన సర్వైవల్ గేమ్‌లంటే ఇష్టం ఉన్నా దాడులు వద్దనే మాలాంటివాళ్లకు వినిపించే మాటలివి. వీటిలో మొదటి వాక్యం ఎక్కడి నుంచి పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో Peaceful అనే విధానం పెట్టి చూసినవాళ్లు చెప్పే మాట ఇది. ఆ గేమ్ వరకు వాళ్లది తప్పనలేను. Peaceful పెడితే రాక్షసులు రాకపోవడమే కాదు, ఆకలి తగ్గడం కూడా ఆగిపోతుంది, గాయాలు వాటంతట అవే మానిపోతాయి. తినవలసిన అవసరం లేనప్పుడు గోధుమలు ఎందుకు పండించాలి? పైగా బ్లేజ్‌లనే నిప్పు రాక్షసులు పుట్టవు కాబట్టి వాటి కడ్డీలు దొరకవు, అవి లేకుండా ఆట చివరి ఘట్టానికి దారితీసే ఎండ్ ద్వారం తెరుచుకోదు. అంటే దాడిని, ఆకలిని ఒకే మీటకు కట్టేశారు. అది ఆ గేమ్ తయారీలో తీసుకున్న నిర్ణయం. సర్వైవల్ గేమ్‌లన్నిటి స్వభావం అది కాదు. సముద్రంలో సాగే సబ్‌నాటికా గేమ్‌లో ఫ్రీడమ్ అనే విధానం సరిగ్గా దీనికి తలకిందులు: ఆకలిదప్పులు పోతాయి, కరిచే జీవులు మాత్రం అలాగే ఉంటాయి. లెక్కలంటే ఇష్టం, తరిమితే చిరాకు అనే మనిషికి ఇంతకంటే పనికిరాని ఏర్పాటు ఇంకోటి ఉండదు.

ఈ రెండు మీటలు విడివిడిగా ఉన్న గేమ్‌ను చూస్తే విషయం తేలిపోతుంది. డోంట్ స్టార్వ్ టుగెదర్‌లో కొత్త ప్రపంచం మొదలుపెట్టే ముందు ఒక్కో అంశాన్నీ మార్చుకునే పట్టిక వస్తుంది. అందులో వేటకుక్కల దాడులను, చలికాలంలో వచ్చి ఇల్లు కూల్చే డీర్‌క్లాప్స్ అనే రాక్షసిని None చేయండి. ఇంకేమీ ముట్టుకోవద్దు. ఇప్పుడు మొదటి చలికాలం ముగిసేదాకా మిమ్మల్ని వెతుక్కుంటూ స్థావరం దాకా వచ్చే ముఖ్యమైన బెడదలు రెండూ పోయాయి. సాలీళ్లు వాటి గూళ్ల దగ్గర ఉంటాయి, మీరు వెళ్తేనే గొడవ. ఆకలి, చలి, చీకటి, తిండి కుళ్లిపోవడం మాత్రం యథాతథంగా ఉంటాయి.

ఇక దాచుకోవడానికి కారణం ఉందో లేదో లెక్క వేద్దాం. మామూలు అమరికలో 20 రోజుల శరదృతువుతో ఆట మొదలై, తర్వాత 15 రోజుల చలికాలం వస్తుంది. గేమ్‌లో ఒక రోజంటే మన 8 నిమిషాలు. మనం ఆడే పాత్ర విల్సన్ కడుపు 150 పాయింట్లు, రోజుకు 75 కరుగుతుంది. కాబట్టి చలికాలం గడవాలంటే 1125 కావాలి. అందరూ వండుకునే మాంసపు ఉండలు ఒక్కోటి 62.5 ఇస్తాయి. భాగిస్తే సరిగ్గా 18. ఒక్కో వంటకు ఒక ముక్క మాంసం, మూడు ముక్కలు ఏదైనా నింపుడు సరుకు కావాలి. శరదృతువులో ఆ నింపుడుకు బెర్రీలు వాడతాం. చలికాలంలో బెర్రీ పొదలు కాయవు. అప్పుడు రాతినేలల్లో కనిపించే చిన్న మంచుగుట్టలను గునపంతో కొట్టి ఐసు తెచ్చుకోవాలి. 18 వంటలకు 54 ముక్కలు.

మాంసం కోసం కుందేళ్లు. బొరియ మీద నేరుగా ఉచ్చు పెడితే ఎర కూడా అక్కరలేదు. ఉచ్చుకు 2 పుల్లలు, 6 గడ్డిపోచలు పడతాయి, 8 సార్లు పనిచేసి విరిగిపోతుంది. 18 కుందేళ్లకు కనీసం మూడు ఉచ్చులు కావాలి, అంటే 6 పుల్లలు, 18 గడ్డిపోచలు. చూడటానికి చిల్లర లెక్కే. కానీ చలికాలంలో కోసిన గడ్డి మళ్లీ మొలవదు, పుల్లల మొక్కలూ చిగురించవు. 20వ రోజు సాయంత్రానికి చేతిలో ఉన్నదానికి తోడు, అప్పటికి కోయకుండా మిగిలిన మొక్కలే దిక్కు. చలిమంట వేయాలన్నా గడ్డే కావాలి. నేను మూడు ఉచ్చులతో సరిపెట్టను, ఆరు పెడతాను. రోజుకు ఒకటి రెండు పడితే చాలు, బొరియల చుట్టూ రోజంతా తిరగనక్కరలేదు.

మరి 18 వంటలూ శరదృతువులోనే వండేసి పెట్టెలో పెట్టుకోవచ్చు కదా? నా మొదటి చలికాలంలో నేను చేసింది అదే. మాంసపు ఉండలు పది రోజుల్లో కుళ్లిపోతాయి. సగం తాజాదనం పోగానే గడి వెనుక రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారుతుంది, అక్కడి నుంచి వంట మూడింట రెండు వంతుల ఆకలే తీరుస్తుంది. ఎరుపుకు వచ్చేసరికి సగమే. 62.5 అనుకుని దాచినది దాదాపు 42 అయి కూర్చుంది. చలిలో తిండి కొంచెం నెమ్మదిగా పాడవుతుంది గానీ ఆ తేడా నన్ను గట్టెక్కించలేదు. నన్ను ఎవరూ కరవలేదు, ఎవరూ తరమలేదు, లెక్క తప్పి చచ్చిపోయాను. మూడు నాలుగు రోజులకోసారి కొద్దికొద్దిగా వండుకోవాలని అప్పుడు తెలిసింది.

ఇక్కడ గడువు లేదని కాదు. ఉంది. అయితే అది 21వ రోజున వస్తుందని ముందే తెలుసు. పిడుగులా వచ్చిపడే దాడికి, తేదీ తెలిసిన చలికాలానికి చాలా తేడా ఉంది. మొదటిది మన చేతిలోని పనిని చెడగొడుతుంది, రెండోది ఏ పని ముందు చేయాలో నిర్ణయించుకోమంటుంది. ఇరవై రోజులూ తక్కువనిపిస్తే అదే పట్టికలో శరదృతువును పొడిగించుకోవచ్చు.

దాడులు తీసేస్తే నష్టం లేదా అంటే ఉంది. వేటకుక్కలు చస్తే మాంసం వదులుతాయి, పళ్లు వదులుతాయి. అవి రాకపోతే కాళ్లొచ్చి ఇంటికి నడిచొచ్చే మాంసం పోయినట్టే. నా దృష్టిలో ఇది వనరుల లెక్కను ఇంకాస్త బిగించే విషయమే, ఎందుకంటే ఇప్పుడు ప్రతి ముక్కనూ మనమే వెళ్లి తెచ్చుకోవాలి.

వ్యవసాయం గేమ్‌ల సలహా మీద ఎక్కువ మాటలు అనవసరం. ఆ గేమ్‌లలో తప్పు చేస్తే సాధారణంగా ఆదాయం ఆలస్యమవుతుంది, ఆకలితో ప్రాణం పోదు. మాకు వద్దన్నది వెంటపడేవాళ్లను, ఓడిపోయే అవకాశాన్ని కాదు. 2017లో పూర్తి రూపంలో వచ్చిన ద లాంగ్ డార్క్‌ను చూడండి. దాని పిల్‌గ్రిమ్ విధానంలో తోడేళ్లు మనల్ని చూసి పారిపోతాయి. అయినా గడ్డకట్టి చావవచ్చు. పిల్‌గ్రిమ్‌లో సామాన్లు మరీ ధారాళంగా దొరుకుతాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. అందుకు కస్టమ్ విధానం ఉంది. జంతువుల బెడదను తగ్గించి, దొరికే సరుకును కరువు చేసుకోవచ్చు.

ఇక పెట్టెలు నిండిపోవడం. రాయి, కర్ర, బంగారం నిజంగానే నిండిపోతాయి. రెండో ఏడాదికి వాటిని లెక్కపెట్టడం నేనూ మానేస్తాను. తిండి అలా నిండదు, నిండినా నిలవదు. 36వ రోజున వసంతం వస్తుంది, వానలకు కుందేళ్ల బొరియలు మూసుకుపోతాయి. ఆ 15 రోజులూ మనల్ని పోషించిన ఆరు ఉచ్చులూ ఆ ఉదయానికి ఖాళీగా పడి ఉంటాయి.