లీడ్ చవగ్గా పడింది, మరి మనిషి వచ్చాడా?

"వెబినార్‌కి జనం రావట్లేదంటే రిజిస్ట్రేషన్లు చాల్లేదన్నమాట. ఇన్‌స్టంట్ ఫారం పెట్టి లీడ్ ధర తగ్గించండి. పది రోజుల ముందు నుంచే యాడ్ నడపండి. మిగతాది రిమైండర్లే చూసుకుంటాయి."

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లతో వెబినార్ నింపాలనుకునేవాళ్లకి దొరికే సలహా ఇది. ఒక్కో మాటా చూద్దాం. ముందు లీడ్ ధర, అంటే ఒక్కో రిజిస్ట్రేషన్‌కి పడే యాడ్ ఖర్చు సంగతి. చేతిలో 20,000 రూపాయలున్నాయనుకుందాం. యాప్‌లోనే తెరుచుకునే ఇన్‌స్టంట్ ఫారంలో లీడ్ 40 రూపాయలకి పడితే 500 పేర్లు వస్తాయి. వాళ్లలో నూటికి 12 మంది వస్తే 60 మంది, అంటే ఒక్కొక్కరికి 333 రూపాయలు. అదే డబ్బు ల్యాండింగ్ పేజీ మీద పెడితే లీడ్ 100 రూపాయలై 200 పేర్లే రావచ్చు. వాళ్లలో నూటికి 40 మంది వస్తే 80 మంది, ఒక్కొక్కరికి 250. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే, మీవి వేరుగా ఉంటాయి. అయినా యాడ్స్ మేనేజర్ తెరిస్తే మొదటిదే గెలిచినట్టు కనబడుతుంది. జూమ్‌లో ఎవరు కూర్చున్నారో మీరు చెప్పేదాకా దానికి తెలీదు కదా.

ఇన్‌స్టంట్ ఫారం చవగ్గా పడటానికి కారణం అందులోనే ఉంది. పేరు, ఫోన్, ఈమెయిల్ ప్రొఫైల్ నుంచి ముందే నిండి ఉంటాయి. బస్సులో రీల్స్ చూస్తున్న మనిషి రెండు సార్లు వేలు ఆనిస్తే పనైపోతుంది. ఆ ఈమెయిల్ కాలేజీ రోజుల్లో తెరిచి వదిలేసింది కావచ్చు. ఒక జీఎస్టీ క్లాసు కోసం రానివాళ్లకి నేనే ఫోన్లు చేశాను. వరసగా ముగ్గురు ఒకే మాటన్నారు: "నేనెక్కడా రిజిస్టర్ అవ్వలేదండీ." అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే గుర్తులేదు. పైగా ఆ లీడ్‌లని మేం సాయంత్రానికోసారి డౌన్‌లోడ్ చేసి మెసేజ్ పెట్టేవాళ్లం. పొద్దున నొక్కినవాడికి రాత్రి మెసేజ్ వెళ్తే అదేంటో ఎలా తెలుస్తుంది?

ఫారం వదలనక్కర్లేదు. ఫారం రకంలో More volume బదులు Higher intent ఎంచుకుంటే, వివరాలు చూసుకుని ఖాయం చేసే మెట్టు ఒకటి అదనంగా వస్తుంది. "మీ రిటర్న్ మీరే వేస్తారా, ఆడిటర్ వేస్తారా?" లాంటి ప్రశ్న ఒకటి పెట్టండి. దానికి జవాబు ప్రొఫైల్ నుంచి రాదు, మనిషే ఇవ్వాలి. లీడ్ ధర పెరుగుతుంది, పెరగనివ్వండి. ఫారం నింపిన నిమిషంలోనే వాట్సాప్ వెళ్లేలా సీఆర్‌ఎమ్‌కి కలపండి.

పది రోజుల ముందు అన్న మాట తేల్చడానికి మీ షీటే చాలు. జూమ్ అటెండీ రిపోర్టుని రిజిస్ట్రేషన్ తేదీలతో ఈమెయిల్ ఆధారంగా కలపండి. నెట్ పోయి మళ్లీ చేరినవాళ్లు రెండు మూడు వరసల్లో కనబడతారు, ఒక్కసారే లెక్కపెట్టాలి. ఎవరి జాయిన్ లింక్ వాళ్లకే పంపాలి. అందరికీ ఒకటే లింక్ గ్రూపులో పడేస్తే ఎవరొచ్చారో తేలదు. ఇప్పుడు ఎన్ని రోజుల ముందు చేరినవాళ్లలో నూటికి ఎంతమంది వచ్చారో వరసగా రాయండి. నేను చూసినవాటిలో మొదటి రోజుల జనమే ఎక్కువగా రాలిపోయారు.

అలాగని చివరి రెండు రోజులే నడిపితే వేరే ఇబ్బంది. యాడ్ ఎవరికి చూపాలో మెటా నేర్చుకునే దశే లెర్నింగ్, యాడ్ సెట్ దాన్ని దాటడానికి వారంలో 50 దాకా ఫలితాలు కావాలి. ప్రతివారం వెబినార్ ఉంటే యాడ్ ఆపకండి. వీడియోలో తేదీ చెప్పకుండా, తేదీ ల్యాండింగ్ పేజీలో మాత్రమే రాసి వారంవారం అక్కడే మార్చండి. యాడ్‌ని ముట్టుకోనంతకాలం లెర్నింగ్ మళ్లీ మొదలవదు. చూసినవాడికి ఎప్పుడూ రాబోయే ఆదివారమే కనబడుతుంది.

ఇక రిమైండర్లు. తప్పుడు నంబరుకి ఎన్ని పంపినా ఒకటే. సరైన నంబరుకి వెళ్లేవాటిలోనూ చాలామంది "రాలేకపోతే రికార్డింగ్ పంపుతాం" అని ముందే రాసేస్తారు. మనమే సెలవిచ్చినట్టు. ఆ మాట వెబినార్ అయ్యాక చెప్పొచ్చు. రిజిస్ట్రేషన్ అప్పుడే క్యాలెండర్‌లో వేసుకునే లింక్, మొదలవడానికి పది నిమిషాల ముందు వాట్సాప్‌లో జాయిన్ లింక్, నాకు పనికొచ్చినవి ఈ రెండే.

హాజరైనవాళ్ల వివరాలు కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా మెటాకి వెనక్కి పంపి, వాళ్లలాంటివాళ్లనే వెతకమనొచ్చు. కానీ వారానికి 20 మంది వచ్చేచోట ఆ సంఖ్య మీద ఆప్టిమైజ్ చేయమంటే యాడ్ సెట్ తడబడుతుంది. అలాంటప్పుడు ఆప్టిమైజేషన్ రిజిస్ట్రేషన్ మీదే ఉంచి, ఏ యాడ్ ఆపాలో మాత్రం హాజరైన ఒక్కొక్కరికి పడ్డ ధర చూసి తేల్చుకోండి.