భీష్మ ప్రతిజ్ఞ గారికి ఒక విన్నపం

అయ్యా ప్రతిజ్ఞ గారూ,

మా ఇంట్లో మూడేళ్ళవాడు అన్నం ముద్దకు మూతి బిగిస్తే మా అమ్మ 'భీష్మించుకు కూర్చున్నాడు' అని తిడుతుంది. అదే అమ్మ భీష్మ ఏకాదశికి తలస్నానం చేసి విష్ణు సహస్రనామం చదువుతుంది. తిట్టుకీ స్తోత్రానికీ ఒకే తాత. ఈ చిక్కులో మీ వాటా ఎంతో తేల్చుకుందామనే ఈ లేఖ.

మీ పుట్టుక నాకు తెలుసు. కూతుర్ని శంతనుడికి ఇవ్వడానికి దాశరాజు బేరం పెట్టాడు. దేవవ్రతుడు రాజ్యం వద్దన్నాడు. సరే, నీ కొడుకులు అడిగితే? పెళ్ళే వద్దన్నాడు. మీలో ఉన్నవి ఈ రెండు షరతులే. మురిసిపోయిన తండ్రి, కోరినప్పుడే చావు వచ్చేలా వరమిచ్చాడు.

తర్వాత సత్యవతి కొడుకులు ఇద్దరూ పిల్లల్లేకుండా పోయారు. ఎవరి కోసం మీరు పుట్టారో ఆ సత్యవతే వచ్చి 'నాయనా, పెళ్ళి చేసుకో, రాజ్యం ఏలుకో' అని బతిమాలింది. అప్పిచ్చినవాడే పత్రం చింపేస్తానంటే వద్దనేవాణ్ణి ఎక్కడైనా చూశారా? భూమి వాసన వదిలినా, నీళ్ళు రుచి వదిలినా నేను మాట వదలనన్నాడు తాత. అక్కడ దండం పెట్టాలో తల పట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు. ఆ పద్దు మీ ఖాతాలోనే రాస్తున్నాను.

జూదసభ పద్దు మాత్రం మీది కాదు. తనను తాను ఓడిపోయినవాడు నన్నెలా ఒడ్డాడని ద్రౌపది అడిగింది. సొత్తు లేనివాడు ఒడ్డలేడు, కానీ భార్య భర్త అధీనమే కదా, ధర్మం సూక్ష్మం, తేల్చలేనన్నాడు తాత. కౌరవుల్లోనే కుర్రవాడు వికర్ణుడు లేచి ఇది అన్యాయమన్నాడు. మీ రెండు షరతుల్లో సభలో నోరు మూసుకోవాలని ఎక్కడుంది? జనం మాత్రం 'పాపం, ప్రతిజ్ఞకు కట్టుబడ్డాడు' అని మీ మీదకి నెట్టేస్తారు. యుద్ధానికి ముందు ధర్మరాజు దండం పెట్టడానికి వస్తే, తాత మీ పేరైనా ఎత్తలేదు. 'మనిషి అర్థానికి దాసుడు, కౌరవులు నన్ను అర్థంతో కట్టేశారు' అన్నాడు. అంటే జీతం. ఆ నిజాయితీకే నాకు ఆయనంటే కోపం సగం తగ్గింది.

మిగతా సగం వరం దగ్గర ఆగింది. చావు తేదీ చేతిలో ఉన్నవాడికి రాజీనామా తేదీ చేతిలో లేదా? శిఖండి ఎదురొస్తే బాణం వెయ్యనని, తనను పడగొట్టే కిటుకు పాండవులకు తానే చెప్పాడు. పదో రోజున పడ్డాడు. ఉత్తరాయణం కోసం అంపశయ్య మీద 58 రాత్రులు ఆగి, అడిగిన ధర్మసందేహాలన్నీ విప్పాడు. ద్రౌపది సందేహానికి మాత్రం అప్పటికి పదమూడేళ్ళు దాటిపోయాయి.

మొన్న భీష్మాష్టమికి నాన్న పళ్ళెంలో నువ్వులు, నీళ్ళు పెట్టుకుని కూర్చుని నన్నూ పిలిచారు. మీ పుణ్యమా అని పిల్లల్లేని ఆ తాతకు, తండ్రి బతికున్నవాళ్ళూ తర్పణం వదలొచ్చట. వదిలాను. లోపల్నుంచి అమ్మ, 'వీడు మళ్ళీ భీష్మించాడు, ఎవరైనా వచ్చి తినిపించండర్రా' అని కేకేసింది.

ఇట్లు,
ఒక మునిమనవడు