మూడో కిలోవాట్ ఎన్నేళ్లకు గిట్టుబాటు?

సోలార్ కొటేషన్ చివర ఒక లెక్క ఉంటుంది. మూడు కిలోవాట్లు ఏడాదికి 4,300 యూనిట్లు ఇస్తుంది, యూనిట్ తొమ్మిది రూపాయలు, అంటే 38 వేలకు పైగా ఆదా, మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి. యూనిట్ల సంఖ్యతో పేచీ లేదు. మన దగ్గర ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. పేచీ అంతా ఆ తొమ్మిది రూపాయలతోనే. ఇంట్లో కాలే ప్రతి యూనిట్‌కూ మనం తొమ్మిది కట్టడం లేదు.

హైదరాబాద్‌లో ఒక ఇంటి లెక్క చూద్దాం. మార్చి నుంచి జూన్ వరకు నెలకు 480 యూనిట్లు, జూలై నుంచి అక్టోబర్ దాకా 320, చలికాలం నాలుగు నెలలు 220 వాడకం అనుకుందాం. ఏడాదికి 4,080 యూనిట్లు. తెలంగాణలో నెల వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు రూ.5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, 400 దాటాక 9.50. ఈ రేట్లతో వేసవి నెల ఎనర్జీ చార్జీ 3,450, వానాకాలంలో 1,970, చలికాలంలో 1,174. ఏడాది మొత్తం 26,376. ఈ ఇంట్లో కరెంటు ఖర్చే అంత. 38 వేలు ఆదా ఎక్కణ్నుంచి వస్తుంది? ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ సోలార్ పెట్టినా పోవు కాబట్టి వాటిని ఇందులో కలపలేదు.

అందుకే కొటేషన్ తెప్పించుకునే ముందు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోవాలి. చూడాల్సింది రూపాయలు కాదు, యూనిట్లు. ఒక్క మే నెల బిల్లు వాట్సాప్‌లో పంపి కొటేషన్ అడిగితే, దాన్ని పన్నెండుతో గుణించి పెద్ద ప్లాంటు చెబుతారు.

ఇప్పుడు ధరలు. రెండు కిలోవాట్లకు 1,40,000, మూడింటికి 2,00,000 చెప్పారనుకుందాం. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడుకైనా అంతకు మించినా 78 వేలు సబ్సిడీ. అంటే చేతి నుంచి పడేది మొదటి దానికి 80 వేలు, రెండో దానికి 1,22,000. గమనించండి, మూడో కిలోవాట్‌కు సబ్సిడీ 18 వేలే. అది మనకు అదనంగా 42 వేలు పడుతుంది.

రెండు కిలోవాట్లు వేసవిలో నెలకు 270, వానాకాలంలో 210, చలికాలంలో 240 యూనిట్లు ఇస్తాయని లెక్క వేద్దాం. నెట్ మీటరింగ్‌లో గ్రిడ్ నుంచి తీసుకున్న వాటిలోంచి మనం పంపినవి తీసేయగా మిగిలిన యూనిట్లపైనే శ్లాబు పడుతుంది. వానాకాలంలో మిగిలేది 110. నెల 200 లోపే కాబట్టి మొదటి వందకు రూ.3.40, మిగతా వాటికి 4.80 వర్తించి బిల్లు 388కి దిగుతుంది. చలికాలంలో సున్నా, పైగా నెలకు 20 యూనిట్లు మిగులు. వేసవిలో 210 మిగిలి 1,097 వస్తుంది. జనవరి, ఫిబ్రవరి మిగులు మార్చిలో సర్దుబాటైందనుకుంటే ఏడాది ఆదా దాదాపు 20,850. పెట్టిన 80 వేలు నాలుగేళ్లలోపే తిరిగొస్తాయి.

మూడు కిలోవాట్లయితే, జనవరి, ఫిబ్రవరి మిగులు జూన్ దాకా సర్దుబాటవుతూ పోతే, ఆదా 26,300 దాకా వెళ్తుంది. మొత్తం మీద లెక్కేస్తే నాలుగేళ్ల ఎనిమిది నెలలు, వినడానికి బాగానే ఉంది. కానీ మూడో కిలోవాట్‌ను విడిగా చూడండి: 42 వేలు పెడితే ఏడాదికి 5,400 చిల్లర. దాదాపు ఎనిమిదేళ్లు. మొదటి రెండు కిలోవాట్లు తొమ్మిది, ఏడున్నర రూపాయల యూనిట్లను తినేశాయి. మూడోదానికి మిగిలినవి చాలావరకు రెండు మూడు నాలుగు రూపాయలవి. చలికాలంలో అది చేసే కరెంటంతా మిగులే. మిగులు లెక్క తేల్చే సెటిల్‌మెంట్ నాటికీ వాడని యూనిట్లకు డిస్కం ఇచ్చేది మనం కట్టే పై శ్లాబు రేటు కాదు, తన సగటు కొనుగోలు ధర. ఇన్వర్టర్ వారంటీ సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు. అంటే మూడో కిలోవాట్ గిట్టుబాటయ్యే వేళకు ఇన్వర్టర్ ఖర్చు కూడా దగ్గర పడుతుంది. వచ్చే ఏడాది ఎలక్ట్రిక్ కారో, ఇంకో ఏసీనో కొనేవారికి ఈ లెక్క మారుతుంది. లేనివారికి రెండుతో ఆగడమే మేలని నా అభిప్రాయం.

తెలంగాణ టారిఫ్‌లో ఇంకో మెలిక ఉంది. నెలకు 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820. అదే 201 అయితే 1,028. దాటిన ఒక్క యూనిట్ ముందున్న 200 యూనిట్ల రేటునూ పెంచేస్తుంది. రెండు కిలోవాట్లు పెట్టిన పై ఇంట్లో ఏప్రిల్, మే, జూన్‌లలో మిగిలేది 210. ఆ పది యూనిట్లను తగ్గిస్తే నెలకు 277 రూపాయలు మిగులుతాయి. పది యూనిట్లంటే ఆ ప్లాంటు ఒక రోజు చేసేదానికి కాస్త ఎక్కువ. దుమ్ము పట్టిన ప్యానెళ్లను వేసవిలో తరచూ కడిగితే చాలు, బహుశా ఆ గీత దిగిపోతుంది. గీజర్ రోజూ పది నిమిషాలు తగ్గినా దిగుతుంది. దీనికి వ్యతిరేకంగా జరిగేదే ఎక్కువ: 'సోలార్ ఉంది కదా' అని ఏసీ ఇంకో రెండు గంటలు వేస్తారు, ఆదా కరిగిపోతుంది. ఇక గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ వల్ల తిరిగొచ్చేది పెద్దగా ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గీత లేదు. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. కాబట్టి పై నుంచి కిందికి యూనిట్లు కొట్టేసుకుంటూ రావడమే. ఇదే ఇంటిని విజయవాడలో ఊహిస్తే మూడో కిలోవాట్ ఆదా, ఇంధన సర్దుబాటు చార్జీలు కలపకుండా, ఏడాదికి సుమారు 4,800. అక్కడ తొమ్మిదేళ్లకు దగ్గర.

కొటేషన్‌కు వస్తే, కిలోవాట్ అన్న మాట దగ్గర ఆగకూడదు. ప్యానెల్ ఎన్ని వాట్లు, ఎన్ని, ఇన్వర్టర్ ఎంత అని విడివిడిగా రాయించుకోవాలి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వేసి రెండు కిలోవాట్ల ఇన్వర్టర్ పెడితే అది మూడు కిలోవాట్ల ప్లాంటు కాదు. సబ్సిడీకి రెండింట్లో తక్కువది లెక్క. ప్యానెళ్లు డీసీఆర్ అంటే దేశీయ సెల్స్‌తో చేసినవి కాకపోతే సబ్సిడీయే రాదు. 'సబ్సిడీ పోను ఇంత' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు గానీ, ముందు పూర్తి మొత్తం మనమే కట్టాలి. ప్లాంటు బిగించి, నెట్ మీటర్ పెట్టాకే సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది. లోన్ తీసుకునేవారు ఆ మధ్య కాలపు వడ్డీనీ కలుపుకోవాలి.

జీఎస్టీ గడి కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిగింపుతో కలిపి ఇచ్చే కాంట్రాక్టుకు సగటున 13.8 ఉన్నది 8.9 అయింది. రెండు లక్షల కొటేషన్‌లో ఈ తేడా 9 వేల వరకు ఉంటుంది. పాత శాతమే కనిపిస్తే అడగాల్సిందే.

ఎక్కువగా చేతికి తగిలేది స్ట్రక్చర్. కొటేషన్ ధర నేలబారు స్టాండ్‌కు ఉంటుంది. డాబా మీద బట్టలారేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి చోటు కావాలంటే ఏడెనిమిది అడుగుల ఎత్తులో బిగించాలి, దానికి వేరే డబ్బు అడుగుతారు. ఎర్తింగ్, అదనపు కేబుల్, నెట్ మీటర్ ఖర్చు ఎవరిదన్నదీ రాతలో ఉండాలి. ఇలా 20 వేలు పెరిగితే రెండు కిలోవాట్ల గడువు నాలుగేళ్ల నుంచి ఐదేళ్లకు జరుగుతుంది.

వాటర్ ట్యాంక్ నీడ సంగతి కాగితం మీద తేలదు. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడున్నరకు డాబా ఎక్కి చూడాలి, అదీ డిసెంబర్‌లో. అప్పుడే నీడ పొడుగు. ప్యానెళ్లన్నీ ఒకే వరుసగా కలిపే మామూలు స్ట్రింగ్ ఇన్వర్టర్‌లో ఒక ప్యానెల్ మీద పడ్డ నీడ వరుస మొత్తాన్ని లాగేస్తుంది. బిగించాక ఇన్వర్టర్ యాప్‌లో నెల ఉత్పత్తిని బిల్లు పక్కన రాసుకోండి. ఏప్రిల్‌లో కిలోవాట్‌కు నెలకు 110 యూనిట్లు కూడా రాకపోతే దుమ్మో, నీడో, వదులైన కనెక్షనో కారణం. పథకం కింద బిగించినవారికి ఐదేళ్ల నిర్వహణ బాధ్యత ఉంటుంది, ఆ అంకెలు చూపించి వాళ్లనే పిలవాలి.